ఎండ తగ్గినా తగ్గని రోడ్డు వేడి: కుక్కల అరికాళ్లు ఎలా కాలుతాయి, నేలను ఎలా పరీక్షించాలి

సంక్షిప్తంగా: వేసవిలో కుక్కల అరికాలి మెత్తలు కాలడానికి కారణం గాలి వేడి కాదు, నేల వేడి. ఈ రెండింటి మధ్య ముప్పై డిగ్రీల తేడా కూడా ఉండవచ్చు. నడకకు ముందు అరచేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్ల పాటు నేలకు ఆనించి చూస్తే ప్రమాదం చాలావరకు ముందే తెలిసిపోతుంది. పై పొర ఎర్రబడటం, కమలడం వరకే ఉన్న గాయాలను చల్లని నీటితో, శుభ్రతతో, విశ్రాంతితో ఇంట్లోనే నయం చేయవచ్చు. బొబ్బలు లేచినా, పొర ఊడినా, కుక్క కాలు మోపలేకపోయినా పశువైద్యుని వద్దకు తీసుకెళ్లాలి.

## గాలి వేడి వేరు, నేల వేడి వేరు

వాతావరణ శాఖ ప్రకటించే ఉష్ణోగ్రత నేల మీద కొలిచింది కాదు. నేలకు మీటరుకు పైగా ఎత్తులో, తెల్లరంగు వేసి గాలి ఆడేలా చెక్కపట్టీలు అమర్చిన పెట్టెలో, నీడలో ఉన్న ఉష్ణమాపకం చూపే అంకె అది. మనిషి ముఖానికి తగిలే వేడికి ఆ అంకె దగ్గరగా ఉంటుంది. కుక్క పాదానికి తగిలేది మాత్రం పొద్దుటి నుంచి ఎండను తాగుతూ వచ్చిన నేల.

తారు రోడ్డు నల్లగా ఉంటుంది కాబట్టి తనపై పడిన ఎండలో తొంభై శాతం వరకు పీల్చుకుంటుంది. కొత్తగా వేసిన రోడ్డు పాతబడి బూడిదరంగుకు తిరిగిన రోడ్డు కంటే ఎక్కువ వేడెక్కడానికి కారణం ఇదే. సిమెంటు రోడ్డు కాంతిలో కొంత భాగాన్ని వెనక్కి పంపుతుంది కనుక అదే ఎండలో తారు కంటే కాస్త తక్కువ వేడిగా ఉంటుంది, కానీ చల్లగా ఉంటుందని దీని అర్థం కాదు. తిరుమల మాడ వీధుల్లో భక్తుల కాళ్లు కాలకుండా తెల్లటి చలువ రంగు వేయడం వెనుక ఉన్నదీ ఈ సూత్రమే.

ఎండకు నేల ఎంత వేడెక్కుతుందన్నదానిపై తరచుగా ఉదహరించే అంకెలు 1970లో అమెరికా వైద్య సంఘం పత్రికలో, రోడ్ల వల్ల మనుషులకు తగిలే కాలిన గాయాల గురించి వచ్చిన ఒక నివేదికలోవి. నేరుగా ఎండ పడుతూ, గాలి వీచని పరిస్థితిలో గాలి ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పుడు తారు ఉపరితలం సుమారు 52 డిగ్రీలకు, 31 డిగ్రీలున్నప్పుడు సుమారు 62 డిగ్రీలకు చేరినట్లు అందులో ఉంది. మబ్బు, గాలి, నేల పాతదనం బట్టి ఈ అంకెలు మారుతాయి కాబట్టి వీటిని పట్టికలా కంఠస్థం చేయడం వల్ల ఉపయోగం లేదు. గమనించవలసినది ఒక్కటే. తెలుగు రాష్ట్రాల్లో 31 డిగ్రీలంటే వేసవి కూడా కాదు, ఫిబ్రవరి మధ్యాహ్నం. రోళ్లు పగిలే రోహిణి కార్తె కోసం ఎదురుచూడనక్కరలేదు, శివరాత్రి నాటి ఎండకే నల్ల రోడ్డు కుక్క పాదానికి ప్రమాదకరం కాగలదు.

సాయంత్రపు నడకలో జరిగే పొరపాటు దీనికి కొనసాగింపు. ఐదున్నరకు గాలి కాస్త చల్లబడుతుంది, ఇళ్ల నీడలు రోడ్డు మీద పరుచుకుంటాయి, బయటికి రావడం హాయిగా అనిపిస్తుంది. అయితే రోజంతా తారు పొర, దాని కింది కంకర పొర దాచుకున్న వేడి ఆ సమయానికి ఇంకా పైకి వస్తూనే ఉంటుంది. నీడ కొత్త వేడిని ఆపుతుందే తప్ప ఉన్న వేడిని తీసివేయదు. అందువల్ల అరగంట క్రితం నీడలోకి వచ్చిన రోడ్డుకు, పొద్దుటి నుంచి చెట్టు నీడలో ఉన్న రోడ్డుకు పోలికే లేదు. తెల్లవారుజామున మాత్రం రాత్రంతా వేడి విడిచిన నేల కనిష్ఠ స్థాయిలో ఉంటుంది కాబట్టి, ఒకే గాలి ఉష్ణోగ్రత వద్ద కూడా ఉదయపు నడక సాయంత్రపు నడక కంటే సురక్షితం.

## అరికాలి మెత్త దేనిని తట్టుకుంటుంది, దేనిని తట్టుకోదు

పెంపకందారులు మామూలుగా ప్యాడ్లు అని పిలిచే అరికాలి మెత్తలకు పైన గరుకైన, మందపాటి చర్మం, దాని కింద కొవ్వుతో నిండిన మెత్తని పొర ఉంటాయి. పై పొరలోని గట్టిదనం రాళ్లూ రప్పల రాపిడిని తట్టుకోవడానికి, కొవ్వు పొర అడుగు పడినప్పటి అదురును ఆపడానికి ఏర్పడినవి. గరుకుగా కనిపించే ఈ చర్మాన్ని చూసి చాలామంది దానిని చెప్పు అట్టలా ఊహించుకుంటారు. నిజానికి అది రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు ఉన్న సజీవ చర్మం. మందం వల్ల వేడి లోపలికి దిగడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే. దిగిన తరువాత జరిగే నష్టం మనిషి చర్మానికి జరిగేదే.

చర్మం కాలడంలో ఉష్ణోగ్రత ఎంత ముఖ్యమో, తగిలి ఉన్న సమయమూ అంతే ముఖ్యం. 1947లో అమెరికాలో మొరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పందుల, మనుషుల చర్మంపై జరిపిన ప్రయోగాలు ఈ సంబంధాన్ని స్పష్టం చేశాయి. 44 డిగ్రీల వద్ద చర్మం దెబ్బతినడానికి గంటల సమయం పడితే, 60 డిగ్రీల వద్ద దాదాపు ఐదు సెకన్లు చాలు. ఈ అంకెలు మామూలు చర్మానివి కాబట్టి కుక్క మెత్తకు యథాతథంగా వర్తించవు. కానీ ఉష్ణోగ్రత కొద్దిగా పెరిగినా సురక్షితమైన సమయం ఎంతగానో కుదించుకుపోతుందన్న సూత్రం రెండింటికీ ఒకటే.

నడిచే కుక్క పాదం ప్రతి అడుగులో కొంతసేపు నేలపై, కొంతసేపు గాలిలో ఉంటుంది. గాలిలో ఉన్న ఆ కొద్ది క్షణాలు మెత్త చల్లబడటానికి చాలవు కనుక, అడుగు అడుగుకూ వేడి పోగవుతూ ఉంటుంది. యజమాని ఆగి ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు పరిస్థితి మరింత విషమిస్తుంది. అప్పుడు నాలుగు పాదాలూ ఒకే చోట అదిమి ఉంటాయి. అలాంటి సమయంలో కుక్క ఒక కాలు, తరువాత ఇంకో కాలు మార్చి మార్చి ఎత్తడం, పట్టీ చివరిదాకా లాగి రోడ్డు అంచున ఉన్న మట్టిలోకో గడ్డిలోకో దిగడం కనిపిస్తుంది. దానిని అల్లరిగా భావించి వెనక్కి లాగడం పరిపాటి.

వీధి కుక్కలు ఇదే రోడ్లపై తిరుగుతున్నాయి కదా అన్న ప్రశ్న సహజం. వాటి మెత్తలు నిరంతర నడక వల్ల మొద్దుబారి ఉంటాయన్నది కొంతవరకు నిజం. అంతకంటే ముఖ్యమైన తేడా ఏమిటంటే, వాటికి ఎంచుకునే వీలు ఉంది. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు వీధి కుక్క ఆగి ఉన్న కారు కిందో, కుళాయి దగ్గరి తడి మట్టిలోనో పడుకుని ఉంటుంది. రోడ్డు దాటాల్సి వస్తే పరుగున దాటి నీడలో ఆగుతుంది. మెడపట్టీ ఉన్న పెంపుడు కుక్కకు దారినీ, వేళనూ, వేగాన్నీ మనిషి నిర్ణయిస్తాడు. పైగా పాలరాయి, టైల్స్ పరిచిన గదుల్లో పెరిగిన దాని మెత్తలు మృదువుగా ఉంటాయి. స్నానం చేయించిన వెంటనే, చెరువులోనో వాగులోనో ఈదిన వెంటనే అవి నాని ఇంకా మృదువవుతాయి కాబట్టి అలాంటప్పుడు వేడి నేలపైకి తీసుకెళ్లడం మరింత ప్రమాదకరం.

## నేలను పరీక్షించే పద్ధతి

అందరికీ అందుబాటులో ఉన్న పరీక్ష చేతితో చేసేదే. అరచేతి వెనుక భాగాన్ని, చెయ్యి పొడిగా ఉన్నప్పుడు, నేలకు పూర్తిగా ఆనించి ఏడు సెకన్ల పాటు కదపకుండా ఉంచాలి. హాయిగా ఉంచగలిగితే నడవవచ్చు. మూడు నాలుగు సెకన్లకే తీసేయాలనిపిస్తే ఆ నేల కుక్కకు పనికిరాదు. పళ్లబిగువున ఏడు సెకన్లు పూర్తి చేయడం పరీక్ష నెగ్గినట్లు కాదు.

అరచేయి కాక దాని వెనుక భాగమే ఎందుకంటే, అక్కడి చర్మం పలుచగా ఉండి వేడిని త్వరగా పసిగడుతుంది. వంటపనిలో, కూలిపనిలో రాటుదేలిన అరచేతులు గానీ, చెప్పుల్లేకుండా తిరగడం అలవాటైన పాదాలు గానీ ఆ పని చేయలేవు. పొలం గట్ల మీద, గుడి ప్రాంగణాల్లో చెప్పుల్లేకుండా నడిచేవారు “నా కాలికే ఏమీ కాలేదు, దానికేం కాలుతుంది” అనడం ఈ కారణం చేతనే చెల్లదు. నొప్పి సుమారు 43 నుంచి 45 డిగ్రీల మధ్య మొదలవుతుంది, చర్మం దెబ్బతినేది ఆ తరువాత. పరీక్ష కావలసినదాని కంటే కాస్త కఠినంగా ఉండటానికి కారణం ఈ అంతరమే. పరీక్ష ఏడు సెకన్లదే అయినా నడక ఇరవై నిమిషాలది కనుక ఆ కఠినత్వం అవసరం కూడా.

పరీక్ష ఎక్కడ చేస్తున్నామన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. గేటు ముందు పోర్టికో నీడలో చెయ్యి పెట్టి చూసి, తరువాత ఎండలో ఉన్న రోడ్డుపై నడిపించడం తరచుగా జరిగే తప్పు. నడవబోయే దారిలో అన్నింటికంటే నల్లగా, ఎక్కువసేపు ఎండ పడిన చోటే చూడాలి. దారిలో ఉపరితలం మారినప్పుడల్లా మళ్లీ చూడాలి. మ్యాన్‌హోల్ మూతలు, కాలువలపై వేసిన ఇనుప జాలీలు, లారీల దగ్గర పరిచిన ఇనుప రేకులు అదే ఉష్ణోగ్రత వద్ద కూడా రోడ్డు కంటే త్వరగా కాలుస్తాయి, ఎందుకంటే లోహం తనలోని వేడిని పాదంలోకి చాలా వేగంగా పంపుతుంది. అపార్ట్‌మెంట్లలో పచ్చగా పరిచే ప్లాస్టిక్ గడ్డిని చూసి మోసపోకూడదు. ఆవిరి విడిచి చల్లబడే గుణం దానికి లేదు కాబట్టి, మండుటెండలో అది తారు రోడ్డుకు దీటుగా, ఒక్కోసారి అంతకు మించి వేడెక్కుతుంది. డాబాపై పరిచిన బండలు, సముద్ర తీరంలోని పొడి ఇసుక కూడా ఈ కోవలోనివే. అలలు తడిపిన ఇసుక మాత్రం చల్లగా ఉంటుంది.

తాకకుండా ఉష్ణోగ్రత చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే అంకె తెలుస్తుంది. అయితే కోవిడ్ కాలంలో కొన్న, నుదుటి వద్ద పెట్టి చూసేది ఇందుకు పనికిరాదు. దాని పరిధి సాధారణంగా 43 డిగ్రీల దగ్గర ముగుస్తుంది. వర్క్‌షాపుల్లో వాడేది కావాలి. తారు, సిమెంటు, మట్టి మీద అది నమ్మదగిన అంకె చూపుతుంది కానీ, మెరిసే లోహం మీద అసలు కంటే తక్కువ చూపుతుంది. కాబట్టి లోహం విషయంలో ఆ అంకెను నమ్మకూడదు.

## కాలిన గాయాన్ని ఎలా గుర్తించాలి

నడక ఉత్సాహంలో కుక్క నొప్పిని పట్టించుకోకపోవచ్చు. బంతి కోసం పరుగెత్తే కుక్క మెత్త ఊడేదాకా ఆగకపోవడం అరుదు కాదు. అందుకే గాయం చాలాసార్లు ఇంటికి వచ్చిన కొన్ని గంటల తరువాతనో, మరునాటి ఉదయమో బయటపడుతుంది. పాదాలను అదేపనిగా నాకడం, మంచం మీది నుంచి దిగడానికి వెనకాడటం, మట్టిలో బాగానే నడుస్తూ గచ్చు మీద కుంటడం తొలి సంకేతాలు.

నల్లని మెత్తల మీద ఎర్రదనం కనిపించదు. అక్కడ రంగు కంటే ఉపరితలాన్ని చూడాలి. గరుకుగా ఉండవలసిన చోట నున్నగా మెరవడం, అంచు వద్ద పొర లేవడం, వేలితో తాకితే తడిగా లేదా ఉబ్బినట్లు అనిపించడం కాలిన గుర్తులు. ముందు కాళ్లకు మణికట్టు వెనుక, పైన విడిగా ఉండే చిన్న మెత్త ఒకటి ఉంటుంది. మామూలు నడకలో అది నేలకు తగలదు కనుక దానిని పోలిక కోసం వాడుకోవచ్చు. అది మామూలుగా ఉండి, నేలకు ఆనే మెత్తలు మాత్రమే రంగు మారి ఉంటే, అవీ ఒకటి కంటే ఎక్కువ పాదాల్లో ఉంటే, నేల వేడి వల్ల కాలినట్లే భావించవచ్చు. ఒక్క పాదంలోనే ఇబ్బంది ఉంటే ముల్లు లేదా గాజుపెంకు కోసం వెతకాలి. వేళ్ల సందుల్లో ఎర్రగా ఉండి వారాల తరబడి నాకుతూ ఉంటే అది ఎక్కువగా అలర్జీ.

## చిన్న గాయానికి చికిత్స: ఒక ఉదాహరణ

విజయవాడలో మే నెల సాయంత్రం ఐదున్నరకు మూడేళ్ల లాబ్రడార్‌ను పావుగంట తారు రోడ్డుపై నడిపించారనుకుందాం. తిరిగి వచ్చే దారిలో అది రెండుసార్లు కూర్చుండిపోయింది. ఇంటికి చేరాక ముందు పాదాలు రెండూ నాకుతోంది. చూస్తే వేళ్ల మెత్తలు మూడింటిపై పొర కమిలి నున్నగా ఉంది, ఒక అంచున గోరంత పొర లేచింది, రక్తం లేదు. కాలు మోపుతోంది కానీ జాగ్రత్తగా మోపుతోంది.

ముందు చూడవలసినవి పాదాలు కావు. పాదం కాలేంత వేడిలో నడిచిన కుక్కకు వడదెబ్బ తగిలే అవకాశం ఉంది. రొప్పు ఎంతకూ ఆగకపోవడం, చిక్కగా జొల్లు కారడం, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరగడం, తూలడం, వాంతి వంటివి ఉంటే ఒళ్లంతా చల్లని నీటితో తడిపి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచి, అదే క్రమంలో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాదాల సంగతి తరువాత.

అవి లేవని తేలితే, పాదాలను మెల్లగా పారే కుళాయి నీటి కింద పది నుంచి ఇరవై నిమిషాల పాటు ఉంచాలి. వేసవి సాయంత్రం డాబా మీది ట్యాంకు నుంచి మొదట వచ్చేది వేడినీళ్లు కాబట్టి వాటిని వదిలేశాక గానీ పాదం పెట్టకూడదు. కుక్క నిలబడకపోతే బేసిన్‌లో కుండనీళ్లు పోసి, మధ్యలో ఒకటి రెండుసార్లు మార్చవచ్చు. ఐసు ముక్కలు నేరుగా పెట్టకూడదు. అవి రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేసి, దెబ్బతిన్న చర్మానికి అందవలసిన రక్తాన్ని తగ్గిస్తాయి. చర్మం పైన చల్లబడినట్లు అనిపించినా లోపలి పొరల్లో వేడి మిగిలి ఉంటుంది, అందుకే ఇంత సమయం.

తరువాతి పని శుభ్రం చేయడం. మందుల షాపులో దొరికే సెలైన్‌తో కడగడం అన్నింటికంటే సులువు. ధూళి ఎక్కువగా అంటుకుని ఉంటే క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక ద్రావణాన్ని బాగా పలుచన చేసి వాడవచ్చు. రెండు శాతం ద్రావణమైతే ఐదు మిల్లీలీటర్లను, అంటే ఒక టీస్పూన్‌ను, ఒక గ్లాసు, అంటే రెండు వందల మిల్లీలీటర్ల నీటిలో కలపాలి. స్పిరిట్ కలిసిన చేతుల శుభ్రతా ద్రావణాల్లోనూ క్లోర్‌హెక్సిడిన్ ఉంటుంది, సీసా మీద చదివి వాటిని పక్కన పెట్టాలి. లేచిన పొరను పీకకూడదు. దాని కింద ఉన్న లేత చర్మానికి అదే కప్పు.

ఈ ఉదాహరణలోని గాయానికి కట్టు తప్పనిసరి కాదు. ఇంట్లో శుభ్రమైన గచ్చు మీద ఉంచి, నాకకుండా మెడకు గరాటు కాలర్ తొడిగితే చాలు. కట్టు కట్టవలసి వస్తే పుండుకు అంటుకోని గాజుగుడ్డ, వేళ్ల సందుల్లో పలుచగా దూది, పైన మెత్తని పట్టీ ఈ వరుసలో వేయాలి. మధ్య వేళ్లు రెండింటి కొసలు బయటికి కనిపించాలి. అవి ఉబ్బి ఎడంగా జరిగినా, చల్లబడినా కట్టు బిగుతుగా ఉన్నట్లు లెక్క, వెంటనే విప్పాలి. కట్టును రోజూ మార్చాలి, తడిస్తే అప్పటికప్పుడు మార్చాలి. సాక్సు తొడిగి జారకుండా రబ్బరు బ్యాండు వేయడం చాలా ప్రమాదకరం. అది వెంట్రుకల్లో కనిపించకుండా బిగుసుకుని, కాలికి రక్తం అందకుండా చేసిన సందర్భాలు పశువైద్యులకు కొత్తవి కావు.

## వాడకూడనివి

కాలిన చోట పసుపు, వెన్న, సిరా, కాఫీ పొడి, టూత్‌పేస్టు రాయడం మన ఇళ్లలో పాత అలవాటు. కుక్క విషయంలో వీటితో రెండు ఇబ్బందులు ఉన్నాయి. జిడ్డు పదార్థాలు వేడిని లోపలే ఉంచి, ధూళిని పట్టుకుంటాయి. ఏది రాసినా కుక్క నాకుతుంది కనుక, పూతమందు కడుపులోకి వెళ్లే మందు అవుతుంది. జింక్ ఉన్న క్రీములు, కాలమైన్ లోషన్, మొద్దుబార్చే జెల్‌లు ఈ కారణంగానే పనికిరావు. డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ సూక్ష్మక్రిములతో పాటు కొత్తగా ఏర్పడే కణాలను కూడా చంపుతాయి.

అంతకంటే పెద్ద ప్రమాదం నొప్పి మాత్రలతో ఉంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పడేలా, మూత్రపిండాలు దెబ్బతినేలా చేస్తాయి. పారాసెటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పిల్లులకైతే ప్రాణాంతకం. మాత్రను సగం చేసి ఇవ్వడం పరిష్కారం కాదు. కుక్కకు నొప్పి తగ్గించే మందులు వేరుగా ఉన్నాయి, వాటిని బరువును బట్టి పశువైద్యుడే రాయాలి.

## ఇంటి వైద్యం ఎక్కడ ఆపాలి, ఎలా మానుతుంది

బొబ్బలు, ఊడిన పొర కింద ఎర్రని మాంసం, రక్తం, చీము, దుర్వాసన, కాలు అసలు మోపలేకపోవడం, నాలుగు పాదాలూ కాలడం, ఇరవై నాలుగు గంటలైనా మెరుగు కనిపించకపోవడం ఇంటి వైద్యం ఆపవలసిన గుర్తులు. తెల్లగా లేదా మాడినట్లు నల్లగా మారి, తాకినా నొప్పి తెలియని చోటు ఉంటే అది చిన్న గాయం కాదు, నరాలు కూడా కాలిన లోతైన గాయం. నొప్పి లేదు కదా అని సంతోషించడానికి వీల్లేని స్థితి అది. ఈగలు ముసిరే కాలంలో తెరిచి ఉన్న పుండులో ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. అప్పుడు ఇంట్లో కిరోసిన్, ఫినాయిల్ వంటివి పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పై పొర వరకే కమిలిన గాయం వారం లోపల తేలికపడుతుంది. బొబ్బలు లేచినవాటికి రెండు మూడు వారాలు పడుతుంది. మెత్త పూర్తి మందంలో కాలితే అదే రకపు కణజాలం తిరిగి పూర్తిగా ఏర్పడదు. పక్కల నుంచి చర్మం కమ్ముకుని, మచ్చ మిగిలి, అదురును తట్టుకునే గుణం తగ్గుతుంది.

పైన చెప్పిన లాబ్రడార్ నాలుగైదు రోజులకు మామూలుగా నడుస్తుంది. కానీ కొత్త చర్మం పాతదానంత గట్టిపడటానికి మూడు వారాల దాకా పట్టవచ్చు. అంతవరకు తెల్లవారుజామున, మట్టి మీదో పచ్చగడ్డి మీదో, పది నిమిషాలకు మించకుండా నడిపించాలి. ఆ లోపు రోడ్డు దాటక తప్పదంటే రబ్బరు అడుగున్న బూట్లు వాడవచ్చు. పాదం నేలకు ఆనించి నిలబడినప్పుడు కొలత తీసుకోవాలి, ఎందుకంటే బరువు పడినప్పుడు మెత్తలు వెడల్పవుతాయి. పాదాలకు రాసే మైనం ఎండిపోకుండా కాపాడుతుంది కానీ వేడిని ఆపదు. బూట్ల లోపల చెమట, వేడి చేరతాయి కాబట్టి రోడ్డు దాటగానే వాటిని విప్పి, వేళ్ల సందులు ఆరనిచ్చి, ఒరుసుకుపోయిన గుర్తులు ఉన్నాయేమో చూడాలి.